బ్రేకవుట్ రోజు ఓబీవీ పైకి, ఏడీ కిందికి పోతే ఎవరి మాట నమ్మాలి? చేతిలెక్కతో చూద్దాం

మొన్న మాదాపూర్‌లో ఆఫీసు కింద చాయ్ బండి దగ్గర మా టీమ్ కుర్రాడు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. "అన్నా, ఆరు వారాల రేంజ్ పగిలింది, వాల్యూమ్ ఐదింతలు, ఓబీవీ కొత్త హై. తీసుకుందామా?" ఓబీవీ కింద ఏడీ లైన్ కూడా పెట్టి చూడరా అన్నాను. పెట్టాడు. అది నిటారుగా కిందికి దిగి ఉంది. ఒకే షేరు, ఒకే రోజు, ఒకే వాల్యూమ్, మరి ఒకటి పైకి ఇంకోటి కిందికి ఎలా పోతాయని వాడికి డౌటు. నాకూ మొదట్లో ఈ డౌటే వచ్చింది, కాకపోతే నాకు అడగడానికి ఎవరూ లేక డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

మొదట: ఈ రెండూ అడిగే ప్రశ్నలు వేరు

ఓబీవీ అంటే ఆన్ బ్యాలెన్స్ వాల్యూమ్. 1960లలో జోసెఫ్ గ్రాన్‌విల్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. దీనికి తెలిసిన ప్రశ్న ఒక్కటే: ఈరోజు క్లోజింగ్ నిన్నటి క్లోజింగ్ కన్నా పైనా, కిందా? పైన అయితే ఈరోజు వాల్యూమ్ మొత్తం కలుపుతుంది, కింద అయితే మొత్తం తీసేస్తుంది, సమానమైతే ఊరుకుంటుంది. ఐదు పైసలు పెరిగినా యాభై రూపాయలు పెరిగినా దీనికి ఒకటే. రోజు మధ్యలో ఏం జరిగిందో అసలు పట్టదు.

ఏడీ అంటే అక్యుములేషన్ డిస్ట్రిబ్యూషన్ లైన్, మార్క్ చైకిన్ తయారుచేసింది. దీనికి నిన్నటితో పనే లేదు. ఈరోజు హైకి, లోకి మధ్య క్లోజింగ్ ఎక్కడ పడిందన్నదే దాని లెక్క. సరిగ్గా హై దగ్గర ముగిస్తే వాల్యూమ్ మొత్తం కలుస్తుంది, లో దగ్గర ముగిస్తే మొత్తం పోతుంది, నట్టనడుమ ముగిస్తే సున్నా. మధ్యలో ఎక్కడైనా ఉంటే దాని వంతు ప్రకారం.

ఒకటి నిన్నటిని చూసి ఈరోజును మర్చిపోతుంది, ఇంకోటి ఈరోజును చూసి నిన్నటిని మర్చిపోతుంది. గ్యాప్ లేని రోజుల్లో రెండూ చాలావరకు కలిసే నడుస్తాయి. అసలు తేడా బయటపడేది గ్యాప్ రోజున, మన దగ్గర బ్రేకవుట్లు చాలా సార్లు వచ్చేది కూడా గ్యాప్‌తోనే.

తర్వాత: ఒక్కసారైనా షీట్‌లో మీరే కట్టండి

ఇండికేటర్ బటన్ నొక్కితే లైన్ వస్తుంది, నిజమే. కానీ కొన్ని ప్లాట్‌ఫాంలలో ఇదే పేరుకు దగ్గరగా విలియమ్స్ పేరుతో ఇంకో ఇండికేటర్ ఉంటుంది. దాని లెక్క నిన్నటి క్లోజింగ్‌తో ముడిపడి ఉంటుంది, అసలు రూపంలో అందులో వాల్యూమే ఉండదు. మీ స్క్రీన్ మీద ఉన్నది ఏదో తెలియాలంటే ఒక పది రోజుల డేటా షీట్‌లో వేసుకుని పోల్చుకోవడం తేలిక. A నుంచి F దాకా వరుసగా తేదీ, ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్ పెట్టుకోండి. రెండో వరుస మీ మొదటి రోజు, అక్కడ G2, H2లలో సున్నా వేయండి. మూడో వరుస నుంచి G కాలమ్‌లో ఓబీవీ, H కాలమ్‌లో ఏడీ:

```
G3: =G2+SIGN(E3-E2)*F3
H3: =H2+IF(C3=D3,0,((E3-D3)-(C3-E3))/(C3-D3))*F3
```

కిందికి లాగేయండి, అంతే. వచ్చే అంకె పెద్దదా చిన్నదా అన్నదానికి అర్థం లేదు, ఎందుకంటే ఎక్కడ సున్నాతో మొదలుపెట్టారో దాన్ని బట్టి మారిపోతుంది. చూడాల్సింది ముందటి రోజుల కన్నా పైకి పోతోందా, కిందికా అన్నదే.

బ్రేకవుట్‌కి ముందు: రేంజ్‌లో ఏది చూడాలి

షేరు ఐదారు వారాలు ఒక పెట్టెలో తిరుగుతున్నప్పుడు నేను ఓబీవీని పెద్దగా పట్టించుకోను. కారణం ఉంది. ఆ రోజుల్లో క్లోజింగ్ నిన్నటికి రూపాయి అటు, అర్ధ రూపాయి ఇటు ఉంటుంది. ఇరవై పైసలు తగ్గిందని నాలుగు లక్షల షేర్ల వాల్యూమ్ మొత్తం తీసేసి, మర్నాడు ముప్పై పైసలు పెరిగిందని మళ్లీ మొత్తం కలిపితే, వచ్చే లైన్ బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంటుంది. పెట్టె లోపల ఏడీ నయం. రోజూ పొద్దున కిందికి లాగబడి సాయంత్రానికి హై దగ్గర ముగుస్తుంటే, ధర కదలకపోయినా ఏడీ మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది. కింద ఎవరో పడుతున్నవి పడుతున్నట్టే ఎత్తుకుంటున్నారని అప్పుడు అనుకోవచ్చు.

ఏడీకీ ఒక లోపం ఉంది. మూడు రూపాయల చిన్న రేంజ్ రోజున హై దగ్గర ముగిసినా, ఇరవై రూపాయలు ఊగిన రోజున హై దగ్గర ముగిసినా మార్కులు ఒకటే. అందుకని మరీ బిగుసుకున్న నాలుగైదు రోజుల మీద తీర్పు ఇవ్వకండి, మొత్తం రేంజ్‌లో అడుగులు ఎటు పడ్డాయో చూడండి.

బ్రేకవుట్ రోజు: లెక్క వేసి చూద్దాం

అంకెలు లెక్కకు సులువుగా ఉండాలని నేనే వేసుకున్నవి, ఏ షేరువీ కావు. రెండు షేర్లు అనుకోండి. రెండిటికీ 500 దగ్గర రెసిస్టెన్స్, రెండూ నిన్న 496 దగ్గర ముగిశాయి, మామూలు రోజు వాల్యూమ్ నాలుగు లక్షలు.

మొదటి షేరు పొద్దున్నే 512 దగ్గర గ్యాప్ అప్. 518 దాకా పోయింది, 502 దాకా దిగింది, 504 దగ్గర ముగిసింది. వాల్యూమ్ 20 లక్షలు. 504 అంటే 496 కన్నా పైనే కాబట్టి ఓబీవీ 20 లక్షలూ కలిపేసింది, కొత్త హై. ఇప్పుడు ఏడీ చూడండి. లో నుంచి క్లోజింగ్ దూరం 2 రూపాయలు, క్లోజింగ్ నుంచి హైకి దూరం 14. రెండులోంచి పద్నాలుగు తీసేస్తే మైనస్ 12. దాన్ని ఆ రోజు రేంజ్ 16తో భాగిస్తే మైనస్ 0.75. ఇరవై లక్షలకి అది మైనస్ 15 లక్షలు. ఒకే రోజులో రెండు లైన్ల మధ్య 35 లక్షల తేడా పడింది.

ఆ రోజు నిజంగా ఏం జరిగిందో ఊహించండి. రాత్రి ఏదో వార్త వచ్చింది, పొద్దున 9:15కి అందరూ ఎగబడ్డారు, 512 పైన కొన్నవాళ్లకి రోజంతా ఎవరో ఇచ్చేవాళ్లు ఉన్నారు. సాయంత్రానికి ఆ పైన కొన్నవాళ్లందరూ నష్టంలో ఉన్నారు. నిన్నటితో పోలిస్తే షేరు పెరిగింది, అది అబద్ధం కాదు. కానీ ఆ పెరుగుదల మొత్తం మార్కెట్ తెరవక ముందే అయిపోయింది. ఇరవై లక్షల షేర్లు చేతులు మారింది ఆ తర్వాత, ధర దిగుతున్నప్పుడు. ఓబీవీ ఆ ఇరవై లక్షలనీ కొనుగోళ్ల ఖాతాలో రాసేసింది.

తర్వాతి రెండు రోజులు. రెండో రోజు హై 509, లో 497, క్లోజింగ్ 500, వాల్యూమ్ 9 లక్షలు. ఓబీవీ 20 నుంచి 11 లక్షలకి దిగింది, ఏడీ ఇంకో నాలుగున్నర లక్షలు పోగొట్టుకుని మైనస్ 19.5. మూడో రోజు హై 503, లో 493, క్లోజింగ్ 495, వాల్యూమ్ 8 లక్షలు. ఓబీవీ 3 లక్షలు, ఏడీ మైనస్ 24.3. ఇక్కడ ఆగి చూడండి: ధర బ్రేకవుట్ ముందున్న 496 కన్నా కిందికి వచ్చేసింది, ఓబీవీ మాత్రం ఇంకా మొదలుపెట్టిన చోటు కన్నా పైనే ఉంది. "ధర దిగింది కానీ ఓబీవీ నిలబడింది, కాబట్టి స్ట్రాంగ్" అని ఆవరేజ్ చేసేది సరిగ్గా ఇక్కడే. నేను చేశాను. ఒక మిడ్‌క్యాప్‌లో ఇలా రెండుసార్లు ఆవరేజ్ చేసి, మియాపూర్ మెట్రోలో నిలబడి ఫోన్‌లో స్టాప్‌లాస్ కిందికి జరుపుకుంటూ పోయిన రోజులు ఉన్నాయి.

ఇప్పుడు రెండో షేరు. 499 దగ్గర తెరుచుకుంది, లో 497, హై 511, ముగింపు 509, వాల్యూమ్ 12 లక్షలే. ఓబీవీ ప్లస్ 12. ఏడీకి: కింద నుంచి 12, పైకి 2, తేడా 10, రేంజ్ 14, అంటే ప్లస్ 0.71, సుమారు ఎనిమిదిన్నర లక్షలు. వాల్యూమ్ మొదటి షేరుతో పోలిస్తే తక్కువే, స్క్రీనర్‌లో వెనకే ఉంటుంది. కానీ 500 గోడని ట్రేడింగ్ టైమ్‌లో, అమ్మేవాళ్లు ఎదురుగా ఉండగా దాటి, సాయంత్రం దాకా పైనే నిలిచింది. రెండు లైన్లూ ఒకటే మాట చెప్తున్నాయి. రెండిట్లో నేను తీసుకునేది ఇదే.

రెండూ గొడవపడితే: గ్యాప్ ఎంతో చూసి, మూడు రోజులు ఆగండి

ఏడీ కిందికి పోయింది కాబట్టి ప్రతి గ్యాప్ బ్రేకవుటూ మోసమే అనుకుంటే మళ్లీ తప్పులో కాలేస్తారు, ఎందుకంటే ఏడీ గుడ్డితనం కూడా గ్యాప్ దగ్గరే ఉంది. తిరగేసి చూడండి. షేరు నిన్న 500 దగ్గర ముగిసింది, ఈరోజు 470 దగ్గర తెరుచుకుంది, 466 నుంచి 478 మధ్య తిరిగి 476 దగ్గర ముగిసింది. ఇల్లు తగలబడినట్టు 24 రూపాయలు పోయాయి. ఏడీ మాత్రం కింద నుంచి 10, పైకి 2, తేడా 8, రేంజ్ 12 అని లెక్కేసి, ఆ రోజు వాల్యూమ్‌లో మూడింట రెండు వంతులు కలిపేస్తుంది. ఇలా గ్యాప్ డౌన్లు నాలుగు వస్తే ధర పాతాళంలో ఉంటుంది, ఏడీ కొత్త హైలో ఉంటుంది. దాన్ని చూసి అక్యుములేషన్ అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ ఓబీవీదే సరైన మాట.

అలాగే నిజమైన పెద్ద వార్తతో ఎనిమిది శాతం గ్యాప్ ఇచ్చి, రోజంతా ఆ పైనే తిరిగి రేంజ్ మధ్యలో ముగిస్తే ఏడీ దాదాపు సున్నా ఇస్తుంది. అది బలహీనత కాదు, దానికి గ్యాప్ కనిపించదు, అంతే.

కాబట్టి గొడవపడ్డ రోజు నేను చేసేది ఇది. మొదట నిన్నటి క్లోజింగ్‌కీ ఈరోజు ఓపెన్‌కీ తేడా ఎంతో, దాన్ని ఈరోజు రేంజ్‌తో పోలుస్తాను. పై ఉదాహరణలో గ్యాప్ 16, రేంజ్ కూడా 16, అంటే గొడవకి కారణం గ్యాపే అని తేలిపోయింది. ఆ రోజు కొనను. తర్వాత మూడు సెషన్లు చూస్తాను: క్లోజింగ్ 500 కిందికి రాకూడదు, ఏడీ తాను పోగొట్టుకున్న 15 లక్షల్లో సగమైనా వెనక్కి తెచ్చుకోవాలి. సగం అన్నది నా కొలత, శాస్త్రం కాదు. ఈలోపు 518 పైన క్లోజ్ అయితే ఇక ఏడీ కోసం ఆగను, ఎందుకంటే మొదటి రోజు పైన ఇరుక్కున్నవాళ్లందరూ బయటపడి కూడా ధర పైకి పోయిందన్నమాట.

గ్యాప్ చిన్నదిగా ఉండి కూడా గొడవ వచ్చిందంటే, ఉదాహరణకి 497 దగ్గర తెరుచుకుని 515 కొట్టి 501 దగ్గర ముగిస్తే, అది పొడవాటి పై తోక, గ్యాప్ సాకు లేదు. అప్పుడు మూడు రోజులు కూడా చూడను, వదిలేస్తాను.

సాయంత్రం: డెలివరీ చూడకుండా పార్టిసిపేషన్ అనకండి

ఓబీవీ అయినా ఏడీ అయినా తినేది మొత్తం వాల్యూమ్‌నే. అందులో పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేసినవాళ్ల షేర్లూ ఉంటాయి. నుమాయిష్‌కి రోజూ వేలమంది పోతారు, గేటు దగ్గర టికెట్లు లెక్కపెడితే జనం ఎంతమందో తెలుస్తుంది, సంచి పట్టుకుని బయటికి వచ్చినవాళ్లు ఎందరో తెలియదు. మనకి ఆ సంచుల లెక్క, అంటే అదే రోజు అమ్మేయకుండా ఇంటికి తీసుకెళ్లిన షేర్ల లెక్క, డెలివరీ అన్న పేరుతో ఎన్‌ఎస్‌ఈ ప్రతిరోజూ సాయంత్రం ఉచితంగా ఇస్తుంది. ఆ రోజు ధరల ఫైలు, అంటే డెలివరీ కాలమ్‌లున్న పూర్తి భావ్‌కాపీ డౌన్‌లోడ్ చేసుకుంటే అందులో `TTL_TRD_QNTY`, `DELIV_QTY`, `DELIV_PER` ఉంటాయి.

శాతం ఒక్కటే చూడకండి, షేర్ల సంఖ్య చూడండి. మన ఉదాహరణలో రెండు షేర్లకీ మామూలు రోజు నాలుగు లక్షల్లో సగం డెలివరీ అనుకుందాం, అంటే రెండు లక్షలు. మొదటి షేరులో బ్రేకవుట్ రోజు 20 లక్షల్లో డెలివరీ 15 శాతమే అయితే 3 లక్షలు. వాల్యూమ్ ఐదింతలైంది, ఇంటికి తీసుకెళ్లింది మాత్రం ఒకటిన్నర రెట్లు. రెండో షేరులో 12 లక్షల్లో 52 శాతమైతే 6.24 లక్షలు, మూడింతల పైన. ఏడీ ముందే అనుమానపడిన దాన్ని డెలివరీ ఖాయం చేసింది.

రెండు జాగ్రత్తలు. ట్రేడ్ టు ట్రేడ్‌లో ఉన్న షేరుకి, అంటే `SERIES` కాలమ్‌లో `BE` అని ఉన్నదానికి, అన్నీ డెలివరీలే కాబట్టి ఆ శాతానికి అర్థం లేదు. ఇంకోటి, ఒక పెద్ద ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కి మారినా అది డెలివరీ కిందే వస్తుంది. అదే సైటులో బల్క్, బ్లాక్ డీల్స్ జాబితా చూడండి. కంపెనీ మొత్తం షేర్లలో అర శాతం దాటి ఒకే క్లయింట్ కొన్నా అమ్మినా బల్క్ డీల్‌గా బయటికి వస్తుంది. మీ 12 లక్షల్లో 5 లక్షలు ఒకడి దగ్గర నుంచి ఇంకొకడికి పోయినవైతే, వాటిని తీసేసి మళ్లీ లెక్క వేసుకోండి.

డేటా చేసే మోసాలు

సాయంత్రం 3:30కి తొందరపడి చార్ట్ చూసి తీర్పు ఇవ్వకండి. ఎన్‌ఎస్‌ఈలో ఏళ్లుగా ఉన్న పద్ధతి ప్రకారం అధికారిక క్లోజింగ్ అంటే చివరి ట్రేడ్ ధర కాదు, చివరి అరగంట ట్రేడ్ల ధరలకి వాల్యూమ్ బరువుతో కట్టిన సగటు. భావ్‌కాపీలో `LAST_PRICE`, `CLOSE_PRICE` అని రెండు కాలమ్‌లు ఉండేది అందుకే. చివరి ట్రేడ్ 496.40 పడి, అధికారిక క్లోజింగ్ 495.90 వచ్చిందనుకోండి, నిన్నటిది 496. మీ ఫోన్‌లో 3:31కి ఓబీవీ 20 లక్షలు కలిపి చూపించింది, రాత్రికి అదే 20 లక్షలు తీసేసి చూపిస్తుంది. యాభై పైసలకి 40 లక్షల తేడా. ఏడీ కూడా మారుతుంది కానీ కొద్దిగానే, ఎందుకంటే అది వంతుల లెక్క. క్లోజింగ్ నిన్నటికి ఆనుకుని ఉన్న రోజున ఓబీవీ మాట ఎంత పెద్దగా వినిపించినా పక్కన పెట్టేయడానికి కారణం ఇదే.

సొంత షీట్ వాడేవాళ్లు బోనస్, స్ప్లిట్ తేదీలు చూసుకోండి. ఒకటికి ఒకటి బోనస్ అయిన రోజు ధర సగమవుతుంది, భావ్‌కాపీ అంకెలు అలాగే అతికిస్తే ఓబీవీ దాన్ని పతనం అనుకుని ఆ రోజు వాల్యూమ్ మొత్తం తీసేస్తుంది. పాత ధరలు సగం చేసినప్పుడు పాత వాల్యూమ్ రెట్టింపు కూడా చేయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. లేకపోతే బోనస్ తర్వాత రోజులకి రెట్టింపు బరువు వచ్చి, రెండు లైన్లలోనూ కదలికలు ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపిస్తాయి.

చివరగా అప్పర్ సర్క్యూట్. పొద్దున తెరవగానే లాక్ అయి సాయంత్రం దాకా అదే ధర అయితే హై, లో ఒకటే, కాబట్టి ఏడీకి భాగించడానికి ఏమీ లేదు. పై ఫార్ములాలో `IF(C3=D3,0,...)` పెట్టింది దాని కోసమే, ఆ రోజుకి సున్నా. ఓబీవీ మాత్రం దొరికిన కాస్త వాల్యూమ్ కలుపుతుంది. కొనేవాళ్ల లైను ఎంత పొడుగున్నా ట్రేడ్ కానిది వాల్యూమ్‌లోకి రాదు, అందుకని లాక్ అయిన రోజుల్లో రెండిటినీ చూడను. సర్క్యూట్ తెరుచుకుని, హైకీ లోకీ మధ్య నాలుగు రూపాయలైనా తేడా వచ్చిన మొదటి రోజు కోసం ఆగి, అప్పుడు మళ్లీ షీట్ తీస్తాను.